44 అంగుళాల పన్నాలో కుర్తీ: గుడ్డ ఎక్కడ పోతోంది, ఎంతవరకు ఆపవచ్చు

ప్రశ్న: విజయవాడ పటమటలో మా మేడ మీద ఆరు మిషన్లతో చిన్న యూనిట్ నడుపుతున్నాను. ఎక్కువగా మంగళగిరి ప్లెయిన్ కాటన్ కుర్తీలు, 44 పన్నా. కొంచెం ఘేరా ఉన్న మోడల్ బాగా పోతుంది, కానీ ఒక్కోదానికి రెండుంబావు మీటర్ దాకా పడుతోంది. వారం తిరిగేసరికి ముక్కలు సంచుల కొద్దీ మిగులుతున్నాయి. జీరో వేస్ట్ కటింగ్ అని వీడియోలు చూశాను, మా కటింగ్ మాస్టర్ గారేమో అవి చూడ్డానికే బాగుంటాయి అంటున్నారు. ఆయన మాట నిజమేనా? మార్కర్, అంటే గుడ్డ మీద నమూనా ముక్కల అమరిక, వేసే సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుందా?

సమాధానం:

మీ మాస్టర్ గారి మాటలో సగం నిజముందండీ. వీడియోల్లో కనిపించే జీరో వేస్ట్ డిజైన్లు చాలావరకు ఒకే సైజులో, ఒకే పీసుగా కుట్టినవి. మీలాగా నాలుగు సైజులు తీసేవాళ్లకు అవి ఉన్నవి ఉన్నట్టు పనికిరావు. అయితే ప్లెయిన్ చేనేత కాటన్‌కు, అందులోనూ ఘేరా ఉన్న కుర్తీకి, అతికినట్టు సరిపోయే పద్ధతి ఒకటుంది. దాని దగ్గరికి వెళ్లే ముందు ఒక పని చేయండి. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెబుతాను.

ఈ వారం ఏదో ఒక లే, అంటే కోతకు పొరలుగా పరిచిన గుడ్డ, కత్తిరించాక ముక్కలన్నీ కలిపి సంచిలో వేయకుండా మూడు కుప్పలు చేయించండి. లే రెండు చివర్లా, పన్నా అంచునా మిగిలిన సన్నటి పట్టీలు ఒక కుప్ప. చంక, మెడ, చెయ్యి గుండ్రాల మధ్య వచ్చిన వంకర ముక్కలు రెండోది. తాను చివర మిగిలిన పెద్ద తుండ్లు మూడోది. మూడింటినీ విడివిడిగా తూకం వేయండి. ఆ లేకి వాడిన మొత్తం గుడ్డ బరువుతో పోల్చితే ఏది ఎంత శాతమో తేలిపోతుంది. ఇది ఎందుకంటే, మార్కర్ ఎఫిషియెన్సీ అని అందరూ చెప్పే లెక్కలో మార్కర్ లోపల ముక్కల మధ్య పోయిన గుడ్డ మాత్రమే వస్తుంది. చివర్ల నష్టం, తాను మిగులు అందులో రావు. మార్కర్ 85 శాతం ఉందని సంబరపడుతూనే, బయట ఇంకో 5 శాతం పోగొట్టుకునే యూనిట్లు చాలా ఉన్నాయి.

మొదటి కుప్ప బరువుగా ఉంటే జబ్బు పన్నా దగ్గర, లే పొడవు దగ్గర ఉంది. తాను మీద 44 అని రాసి ఉన్నా అంతా 44 ఉండదు. చేనేతలో మగ్గానికీ మగ్గానికీ తేడా ఉంటుంది, ఒకే తానులో మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి కూడా ఉంటుంది. ప్రతి తానునూ మూడు చోట్ల కొలిచి, తక్కువ వచ్చిన కొలతను చాక్‌తో దాని మీదే రాయించండి. ఒకే పన్నా ఉన్న తాన్లన్నీ ఒక లేలోకి రావాలి. 43 తానునూ 44 తానునూ కలిపి పరిస్తే 43కే మార్కర్ వేయాలి, అంటే రెండోదాంట్లో అంగుళం వెడల్పు పట్టీ పొడుగునా చెత్తలోకి పోతుంది. ఒక్క అంగుళమంటే 44లో 2 శాతం పైనే.

లే పొడవు సంగతీ అంతే. రెండు చివర్లా తలా ఒక అంగుళం వదలక తప్పదు. ఒకే కుర్తీ పొడవున, 63 అంగుళాల లే వేస్తే ఆ రెండు అంగుళాలూ 3 శాతం. మూడు కుర్తీలు వరసగా వచ్చేలా వేస్తే అదే నష్టం 1 శాతానికి దిగుతుంది. టేబుల్ పొడవు చాలక చిన్న లేలు వేస్తున్నట్లయితే ముందు ఇంకో టేబుల్ జోడించండి.

రెండో కుప్ప బరువుగా ఉంటే నమూనా గురించి మాట్లాడుకోవాలి. మీ కేసు ఇదేనని నా అంచనా, ఎందుకంటే రెండుంబావు మీటర్ అనగానే విషయం అర్థమైపోయింది. మామూలు ఏ-లైన్ కుర్తీ తీసుకుందాం. కుట్టు మార్జిన్లతో కలిపి ముందు భాగం ఛాతీ దగ్గర 21, కింద ఘేరా 26, పొడవు 44 అంగుళాలు అనుకోండి. వెనక భాగమూ అంతే. ఈ రెండిటినీ పక్కపక్కన, ఒకటి తలకిందులుగా పెట్టి ఎంత దగ్గరికి జరిపినా దాదాపు 49 అంగుళాల పన్నా కావాలి. మీ దగ్గర ఉన్నది 44. కాబట్టి ఒకదాని కింద ఒకటి పెట్టాల్సిందే. 44 రెండుసార్లు 88 అంగుళాలు, చివర్లతో కలిపి 90, అంటే మీరు చెప్పిన రెండుంబావు మీటరే. చేతులు పక్కన మిగిలిన 18 అంగుళాల పట్టీలోంచి వచ్చేస్తాయి, అయినా మొత్తం గుడ్డలో 65 శాతం కూడా బట్టగా మారదు. మాస్టర్ ఎంత నేర్పరి అయినా, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా 49ని 44లో పట్టించలేరు. లోపం మార్కర్‌లో లేదు, పన్నా చూడకుండా గీసిన నమూనాలో ఉంది.

ఇప్పుడు అదే కుర్తీని పక్క చీలికలున్న స్ట్రెయిట్ మోడల్‌గా మార్చి కింది వెడల్పు 22 చేయండి. రెండు భాగాలూ తలకిందులుగా పక్కపక్కన పెడితే సుమారు 43న్నర అంగుళాల్లో ఇమిడిపోతాయి. పొడవు 44, దాని కింద రెండు చేతులకు ఇంకో 19, మొత్తం 63 అంగుళాలు. మీటరు 60 సెంటీమీటర్లు. ఇక్కడే ఒక విషయం గమనించండి. కింది వెడల్పు 22 బదులు 23 అన్నారంటే అవసరమైన పన్నా 44న్నర దాటుతుంది, జత విడిపోతుంది, మళ్లీ 88కి వెళ్లిపోతారు. ఒక్క అంగుళం ఘేరా కోసం 25 అంగుళాల గుడ్డ. అందుకే డిజైన్ ఖాయం చేసే ముందే కటింగ్ మాస్టర్‌ని పిలిచి, పన్నా ముందు పెట్టుకుని కూర్చోమంటాను. చాలాచోట్ల మాస్టర్ దగ్గరికి నమూనా వచ్చేసరికే ఈ నిర్ణయం అయిపోయి ఉంటుంది.

ఇంకో చిన్న మాట. మీ మాస్టర్ గారు గుడ్డను నిలువునా మడతపెట్టి సగం నమూనాలతో గీస్తున్నారేమో చూడండి. టైలర్ షాపులో ఒక్క పీసుకు అది సులువు. యూనిట్‌లో మాత్రం మడత పెట్టగానే పన్నా 22 అయిపోతుంది, ప్రతి ముక్కా మడతకు అతుక్కునే ఉండాలి, తలకిందులుగా జరిపే వీలుండదు. నమూనాలన్నీ పూర్తి ముక్కలుగా అట్టతో చేయించి, గుడ్డను విప్పి పరిచి గీయండి.

ఘేరా ఉన్న మోడలే కావాలంటే, నేను చెప్పబోయే జీరో వేస్ట్ పద్ధతి అందుకే. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. పాతకాలం లాల్చీ కుట్టిన తీరే ఇది. నడుమ ఒక నిలువు పట్టీ, పక్కలకు కిందికి వెడల్పయ్యే కలీలు, చంకలో నలుచదరపు ముక్క, చెయ్యి పొడుగాటి పలక. అన్నీ తిన్నని గీతలే. చంక గుండ్రం, చెయ్యి గుండ్రం కోసే అవసరమే లేదు కాబట్టి వంకర ముక్కలు పుట్టవు. మీ 44 పన్నాకు, 38 ఛాతీ ఉన్న ఎం సైజుకు నేను వేసే లెక్క ఇది. అన్ని కొలతల్లోనూ అర అంగుళం కుట్టు మార్జిన్ కలిసే ఉంది.

మొదటి వరస పొడవు 44 అంగుళాలు. అందులో పన్నాను 15, 15, 14గా చీల్చండి. రెండు 15లు ముందు, వెనక నడుమ పట్టీలు. 14 పట్టీలో పైనుంచి 36న్నర అంగుళాల పొడవు కలీలకు. ఆ పలక మీద పై అంచులో ఒక మూల నుంచి 4న్నర దగ్గర, కింది అంచులో అదే వైపు మూల నుంచి 9న్నర దగ్గర గుర్తు పెట్టి, రెండు గుర్తులనూ ఏటవాలుగా కలిపి కోయండి. రెండు కలీలు వస్తాయి, రెండూ ఒకవైపు 4న్నర, ఇంకోవైపు 9న్నర. ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా ఉంటుంది. మధ్యలో దారప్పోగు కూడా పోదు. ఆ పట్టీ అడుగున 14 బై 7న్నర పలక మిగులుతుంది. అందులోంచి చంకకు 4న్నర చదరాలు రెండు, ముందు చీలికకు 9 బై 3 పట్టీ ఒకటి, వెనక మెడ లోపలి పట్టీకి 5 బై 7న్నర ముక్క ఒకటి తీస్తే పలక అయిపోతుంది.

కుర్తీకి నాలుగు కలీలు కావాలి, ఇంకా రెండు తేలాలి. చేతులు కూడా ఉన్నాయి. రెండో వరస పొడవు 36న్నర పెట్టి పన్నాను 14, 14, 16గా చీల్చండి. ఒక 14 పలక ఈ కుర్తీ మిగతా కలీలకు. 16 పట్టీని అడ్డంగా సగానికి కోస్తే 16 వెడల్పు, 18ంబావు పొడవుతో రెండు చేతులు. ఇంకో 14 పలక మిగిలిపోయింది కదా, అది తర్వాతి కుర్తీకి కావాల్సిన కలీ పలకే. అందుకే దీన్ని ఎప్పుడూ జతగా కోయాలి. రెండో కుర్తీకి మళ్లీ 44 వరస ఒకటి వేసి, దాని చేతుల కోసం 18ంబావు పొడవు వరస ఒకటి చేర్చితే చాలు. ఆ చివరి వరసలో రెండు చేతులకు 32 పోగా 12 బై 18ంబావు మిగులుతుంది, 6 బై 9 జేబులు నాలుగు, కుర్తీకి రెండు చొప్పున.

కూడి చూడండి. 44, 44, 36న్నర, 18ంబావు. మొత్తం 142 ముప్పావు అంగుళాలు, రెండు కుర్తీలకు 3 మీటర్ల 63 సెంటీమీటర్లు. ఒక్కోదానికి మీటరు 82 లోపే. బయటికి పోయేది మెడ గుండ్రం ఒక్కటే, అది మొత్తం గుడ్డలో 1 శాతం ఉంటుంది. కుట్టాక ఛాతీ 42, కింద ఘేరా చుట్టూ 62 అంగుళాలు. మీ ఏ-లైన్‌లో ఘేరా 50 వస్తోంది, గుడ్డ ఒక్కోదానికి 17, 18 అంగుళాలు ఎక్కువ పడుతోంది.

ఇదే కుర్తీని జత కాకుండా ఒక్కటే కోస్తే 80న్నర అంగుళాలు పడుతుంది, 14 పలక చేతిలో మిగులుతుంది. ఒక్క పీసు ఆర్డర్లకు ఈ పద్ధతి అంత లాభం ఇవ్వదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. పైన చెప్పిన స్ట్రెయిట్ కుర్తీకి 63 అంగుళాలే పడుతుంది, జీరో వేస్ట్ కలీ కుర్తీకి 71. అంటే వేస్ట్ సున్నా అయినంత మాత్రాన గుడ్డ తక్కువ పట్టినట్టు కాదు. ముక్కలు మిగలకపోవడం వేరు, పీసుకు పట్టే మీటర్లు తగ్గడం వేరు. ఘేరా అక్కర్లేని కొనుగోలుదారులకు స్ట్రెయిటే చౌక. ఘేరా అడిగేవాళ్లకు ఏ-లైన్ బదులు కలీ కుర్తీ చౌక. జీరో వేస్ట్ అని చెప్పేవాళ్లలో ఈ తేడా చెప్పేవాళ్లు తక్కువ.

ఇక సైజులు. మీ మాస్టర్ గారి అభ్యంతరం నిజంగా ఇక్కడే నిలబడుతుంది. మామూలు నమూనాలో సైజు పెరిగితే అంచు చుట్టూ పావంగుళం పెంచుతాం. ఇందులో ఒక ముక్క పెరిగితే పక్కది తగ్గాలి, ఎందుకంటే పన్నా 44 దగ్గర ఆగిపోతుంది. ఎల్ సైజుకు నడుమ పట్టీలు 16, 16 చేస్తే కలీ పలకకు 12 మిగులుతుంది, 4న్నర, 7న్నరగా కోయాలి. ఛాతీ 44 వస్తుంది, ఘేరా 56కి తగ్గుతుంది. ఎస్ సైజుకు 14, 14 చేస్తే పలక 16, కలీలు 4న్నర, 11న్నర. ఛాతీ 40, ఘేరా 68. కలీ పై కొలత 4న్నర మారలేదు కాబట్టి చంక ముక్క అన్ని సైజులకూ ఒకటే, అది కుట్టేవాళ్లకు సుఖం. కానీ సన్నటివాళ్లకు ఘేరా ఎక్కువ, లావుపాటివాళ్లకు తక్కువ అవుతోంది, మనకు కావాల్సినదానికి ఇది తిరగబడింది. ఎల్ వరకు 56 ఘేరాతో నడవడానికి ఇబ్బంది ఉండదు. ఎక్స్‌ఎల్‌కు మాత్రం పక్క కుట్టు మోకాలి పైనే ఆపి చీలిక వదలండి, లేదంటే ఆ సైజును ఈ లెక్కలోంచి తీసేసి పెద్ద పన్నా గుడ్డలో కోయండి. రెండోదే నా ఓటు.

ఇంకో చిక్కు రెండో వరసలో వస్తుంది. ఎస్ సైజు జత కోస్తే కలీ పలకలు 16, 16 పోగా 12 మిగులుతుంది, అందులో చెయ్యి రాదు. ఎల్ జత కోస్తే 12, 12 పోగా 20 మిగులుతుంది, చెయ్యి పోగా 4 అంగుళాల పట్టీ వేస్ట్. అదే ఒక ఎస్, ఒక ఎల్ కలిపి జతగా కోయండి. 16, 12 కలిపి 28, మిగిలింది సరిగ్గా 16, రెండు చేతులు. అంటే ఎం, ఎం ఒక జత, ఎస్, ఎల్ ఒక జత. ఆర్డర్‌లో ఎస్ కన్నా ఎల్ ఎక్కువ ఉంటే ఆ ఎక్కువ పీసుల దగ్గర మాత్రమే 4 అంగుళాల పట్టీ మిగులుతుంది, దాన్ని నాడాలకో బటన్ లూపులకో వాడుకోవచ్చు. మామూలు మార్కర్‌లో కూడా చిన్న సైజునూ పెద్ద సైజునూ కలిపితేనే గుడ్డ కలిసొస్తుందని మీ మాస్టర్ గారికి తెలిసే ఉంటుంది, ఇక్కడ అది మరీ సూటిగా కనిపిస్తుంది.

ఏం తప్పుతుందో కూడా చెబుతాను. మొదటిది ఉతుకు. కాటన్ ఉతికితే కుంగుతుంది, చేనేత గుడ్డ ఇంకొంచెం ఎక్కువే కుంగవచ్చు. మామూలుగా ఆ మేరకు నమూనా పెంచుకుంటాం. ఇందులో పెంచడానికి చోటు లేదు, కాబట్టి కుంగేదేదో కోతకు ముందే కుంగాలి. ప్రతి కొత్త లాట్‌లోనూ ఒక ముక్క మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. పొడుగునా 48న్నర వస్తే 3 శాతం కుంగినట్టు. పొడుగు, అడ్డం రెండూ చూడాలి, రెండిటికీ వేరువేరుగా వస్తుంది. 1 శాతం దాటితే తాను మొత్తాన్నీ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాకే టేబుల్ ఎక్కించండి, పన్నా కొలత కూడా ఆ తర్వాతే తీయండి.

అలా తడిపాక 44 కాస్తా 43 అయితే కంగారు పడకండి. ఆ తగ్గిన అంగుళం కలీ పలకలోనే పడాలి, ఇంకెక్కడా పడకూడదు. పలక 13 చేసి 4న్నర, 8న్నరగా కోస్తే నడుమ పట్టీలు, చంక, చేతులు ఏవీ మారవు, ఘేరా మాత్రం 62 నుంచి 58కి వస్తుంది. నడుమ పట్టీలో అర అంగుళం కోసి సర్దేస్తే భుజం తప్పుతుంది, అది కస్టమర్‌కు వెంటనే తెలిసిపోతుంది.

రెండోది గుడ్డ రకం. కలీల్లో సగం తలకిందులుగా వస్తాయని చెప్పాను కదా. ప్లెయిన్ గుడ్డకు ఫర్వాలేదు, అందులోనూ రెండు వైపులా ఒకేలా ఉండే చేనేత కాటన్ అయితే ఎడమ, కుడి తేడా కూడా ఉండదు. తీగలు పైకి పాకినట్టున్న ప్రింట్ గుడ్డ అయితే రెండు కలీల్లో పువ్వులు తలకిందులవుతాయి. ముందు వెనక వేరుగా ఉన్న గుడ్డకైతే రెండో పలకను మొదటిదానికి ఎదురు వాలుగా కోయాలి, లేకపోతే నాలుగు కలీలూ ఒకే చేతివి వచ్చి పక్కలు కలవవు. జరీ అంచున్న మంగళగిరి గుడ్డ కూడా దీనికి వద్దు. అంచు ఒక నడుమ పట్టీ పక్కనా, ఒక కలీ పక్కనా పడి అతుకుల బొంతలా కనిపిస్తుంది. ప్లెయిన్, సన్న చారలు, చిన్న గళ్లు బాగుంటాయి.

మూడోది కోత. ఇందులో ఒకే గీత రెండు ముక్కలకూ హద్దు. కట్టర్ 2 మిల్లీమీటర్లు జరిగితే ఒక ముక్క అంత తగ్గుతుంది, పక్కది అంత పెరుగుతుంది, రెండూ కుట్టుకు వచ్చేసరికి అంచులు కలవవు. కాబట్టి లేలో పొరలు తక్కువ పెట్టండి, పై పొరనూ అడుగు పొరనూ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ఆ లే ఎత్తు మీ కట్టర్‌కు ఎక్కువైనట్టు. ప్లెయిన్ నేత కాటన్‌లో నిలువు గీతలకు కత్తెర పెట్టకుండా చింపేసేవాళ్లూ ఉన్నారు. చింపితే పోగు వెంటే పోతుంది, గీత వంకర రాదు, అంచు ముడుచుకుంటే ఇస్త్రీతో సరిపోతుంది. ఏటవాలు కోత మాత్రం స్కేలు పెట్టి గీసి కోయాల్సిందే.

కుట్టేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు. కలీ తిన్నని అంచు నడుమ పట్టీకి, ఏటవాలు అంచు ఇంకో కలీకి వెళ్లాలి. ఏటవాలు అంచు సాగుతుంది కాబట్టి దాన్ని చేత్తో లాగకుండా మిషన్ కిందికి వదలమనండి. లాగితే పక్క కుట్టు అలలు అలలుగా వస్తుంది. పైగా ఆ అంచు తిన్నని అంచు కన్నా మూడో వంతు అంగుళం పొడుగు, అందుకని పక్కల కింద అంచు కాస్త దిగుతుంది. మడత వేసేటప్పుడు ఆ చోట కొంచెం ఎక్కువ లోపలికి తీసుకుంటే సమమవుతుంది. చంక చదరాన్ని మూలకు మూలకు సరిపోయేలా కుట్టాలి. ముందు కలీ పై అంచు, వెనక కలీ పై అంచు, చేతి రెండు అంచులు, చదరం నాలుగు వైపులా ఈ నాలుగూ వస్తాయి. మూల దగ్గర సూది అర అంగుళం ముందే ఆగాలి, చివరిదాకా లాగేస్తే చంకలో ముడత పడుతుంది. ఈ ఒక్కటి చేతికి అలవాటయ్యేదాకా మీ కుట్టేవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు.

భుజం వాలు లేకపోవడం కూడా ఒక లోటే. మెత్తటి గుడ్డ ఒంటికి వాలిపోతుంది. గంజి పెట్టిన బిరుసు గుడ్డ అయితే మెడ పక్కన లేచి నిలబడుతుంది. అలాంటప్పుడు భుజం కుట్టును చేతి వైపుకు అర అంగుళం దించి వేయించండి. పక్కల కింద అంచు అంత దిగుతుంది, దాన్నీ మడతలోనే సర్దాలి.

డబ్బు లెక్క మీరే వేసుకోవాలి, ఎందుకంటే గుడ్డ ధర మీద అంతా తిరుగుతుంది. ఏ-లైన్‌తో పోలిస్తే ఒక్కో కుర్తీకి సుమారు 45 సెంటీమీటర్లు మిగులుతుంది. మీటరు 200 అనుకుంటే 90 రూపాయలు. మీటరు 60 రూపాయల పాప్లిన్ అయితే 27. ఇటు చూస్తే కలీలు, చంక ముక్కల వల్ల కుట్లు ఎక్కువ, పీసుకు కుట్టు కూలి కొంత పెంచక తప్పదు. ఆ పెంపు 30 రూపాయలు అనుకున్నా, పాప్లిన్‌లో మీకు నష్టమే, మంగళగిరి గుడ్డలో బాగానే మిగులుతుంది. వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా తెచ్చే చవక మిల్లు గుడ్డకు జీరో వేస్ట్ జోలికి పోకండి, స్ట్రెయిట్ నమూనాను పన్నాకు సరిపెట్టి, మార్కర్ పొడుగు పెంచితే చాలు.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దు. రోజూ కొత్త మోడళ్లు, పది సైజులు తీసే ఫ్యాక్టరీకి అది కావాలి. మీకు గ్రాఫ్ పేపర్ చాలు. ఒక అంగుళాన్ని ఒక చిన్న గడిగా తీసుకుని, 44 గడుల వెడల్పు పట్టీ కోసి బల్ల మీద పెట్టండి. నాలుగు సైజుల నమూనాలనూ అదే కొలతలో చిన్న అట్ట ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీద నిలువు పోగు ఎటో బాణం గుర్తు వేయండి. బాణం ఎప్పుడూ పట్టీ పొడుగు వెంటే ఉండాలి, పైకి కిందికి తిప్పవచ్చు గానీ పక్కకు వాల్చకూడదు. మీరు, మాస్టర్ గారు కూర్చుని ముక్కలు జరుపుతూ పోతే ఏ జతకు ఎంత పొడవు పడుతుందో అక్కడే కనిపిస్తుంది. బాగా కుదిరినదాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, పన్నా, సైజులు, పొడవు రాసిపెట్టండి. 43 పన్నాకు ఒకటి, 43న్నరకు ఒకటి, 44కు ఒకటి విడిగా ఉండాలి. తాను కొలిచి చాక్‌తో రాసిన అంకెను బట్టి ఏ ఫొటో తీయాలో మాస్టర్ గారికే తెలుస్తుంది.

మొదటి జత పాత దుప్పటి గుడ్డతో కోసి కుట్టి, మీ ఇంట్లో ఎం సైజు వాళ్లెవరికైనా వేసి చెయ్యి పైకెత్తించి చూడండి. చంక దగ్గర పట్టేస్తే చదరం 4న్నర నుంచి 5 చేయండి, దాంతోపాటు కలీ పై కొలత కూడా 5 అవ్వాలి, కింది కొలత 9కి తగ్గాలి. చంక చదరాలు పెరిగితే చీలిక పట్టీ 10 బై 2న్నర, మెడ పట్టీ 4 బై 7న్నర అవుతాయి, ఆ పలక అప్పుడూ సరిగ్గానే అయిపోతుంది.